ఏడుపు ముక్కలు లేని కట్ట

నేను ఒక కార్డుల కట్టని. పేకాట కట్టని అనుకుని చంకలు గుద్దుకోకండి, నాతో రమ్మీ ఆడటం కుదరదు. నన్ను టారో అంటారు, జోస్యం చెప్పేవాళ్ళు వాడే కట్టని. పుట్టినప్పుడు నాలో డెబ్బై ఎనిమిది ముక్కలు. ప్రతి ముక్క మీదా ఒక బొమ్మ. కప్పులు పట్టుకున్న వాళ్ళు, కత్తులు మోసే వాళ్ళు, కర్రలు ఊపుకునే వాళ్ళు, నాణేలు ఒళ్ళో పెట్టుకున్న వాళ్ళు, వీళ్ళందరి మీదా రాజులూ రాణులూ సూర్యుడూ చంద్రుడూ. ఒక చిన్న సంసారమంత గోల.

నా పుట్టిల్లు శివకాశి. ఒక పక్క దేవుళ్ళ కేలండర్లు, ఇంకో పక్క టపాకాయల పెట్టెలకు అంటించే కాగితాలు, మధ్యలో నేను. పెద్ద అట్టల మీద ఒకవైపు బొమ్మలు, మరోవైపు నీలి చుక్కల ముగ్గు అచ్చువేసి, పైన నిగనిగలాడే పూత పూసి, కోసి, చివరగా ఒక మిషను కింద పెట్టి నా మూలలన్నీ గుండ్రంగా కొట్టారు. ఆ మూలలు అలా ఎందుకు కొడతారో తర్వాత తెలిసింది. మనుషులు మమ్మల్ని చేతుల్లో తెగ నలుపుతారు, కోసుగా ఉంటే గుచ్చుకుంటాం. మనుషుల మూలలు గుండ్రంగా కొట్టే మిషను మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నన్ను కొన్నావిడ పేరు మంగతాయారు. విశాఖపట్నంలో ఒక షాపింగ్ కాంప్లెక్సులో, ఎస్కలేటర్ కింద, ఊదారంగు గుడ్డ కప్పిన టేబులు ఆవిడది. బోర్డు మీద మాత్రం మేడమ్ మందాకిని. మంగతాయారు అని రాస్తే భవిష్యత్తు చెప్పించుకోవడానికి ఎవరూ రారట, పచ్చడి కొనడానికి వస్తారట. ఆ మాట ఆవిడే అని ఆవిడే నవ్వేది. మనసు మంచిది, నోరు గట్టిది. వచ్చిన వాళ్ళ మొహం చూసి సగం చెప్పేది, నా మొహం చూసి పావు చెప్పేది, మిగతా పావు వాళ్ళ చేతే చెప్పించేది.

ఒకరోజు కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చి నాలోంచి మరణం ముక్క తీసింది. గుర్రమెక్కిన అస్థిపంజరం బొమ్మ. నిజానికి దాని అర్థం చావు కాదు. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందని. మంగతాయారు ఆ మాట నోట్లోంచి తీసేలోపే ఆ పిల్ల కళ్ళు తేలేసి కుర్చీలోంచి జారిపోయింది. నీళ్ళు చల్లి, నిమ్మరసం తాగించి పంపించాక ఆవిడ టేబులు ముందు కూలబడి నన్ను మొత్తం తిరగేసింది. మరణాన్ని తీసి పక్కన పెట్టింది. పిడుగుపడి కూలే బురుజుని తీసింది. గొలుసులేసిన సైతానుని తీసింది. మూడు కత్తులు దిగిన గుండెనీ, మంచం మీద లేచి కూర్చుని మొహం కప్పుకున్న ఆడమనిషినీ, ఒలికిపోయిన కప్పుల ముందు తల వంచుకున్న నల్లబట్టల మనిషినీ, కత్తుల కింద బోర్లా పడ్డవాణ్ణీ తీసేసింది. రబ్బరుబ్యాండు వేసి సొరుగులో పడేసింది. ఎవరికి వాళ్ళకి ఇళ్ళ దగ్గర చాలినంత ఏడుపుంది, మళ్ళీ నా దగ్గర కూడా దేనికి అని గొణుక్కుంది. తర్వాత ఆ టేబులు అమ్మేసినప్పుడు సొరుగుతో పాటు అవీ పోయాయి. ఆ లోటు నాకు తెలుసు. నన్ను కలిపిన ప్రతిసారీ ఆ ఏడు చోట్లా ఖాళీ తగిలేది. అందరూ వాళ్ళని అసహ్యించుకునేవారు గానీ వాళ్ళూ నా వాళ్ళే, నాకు వాళ్ళ మీద బెంగే.

మంగతాయారు ఇంటి మేడ మీద వాటాలో కుసుమ అద్దెకుండేది. చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నగా ఒక కూత పంపించి, వినబడితే చెయ్యెత్తమనడం ఆమె పని. పొద్దస్తమానం ఎవరికి ఏం వినబడుతుందో కనుక్కుంటుంది. ఆమెని ఏమ్మా ఎలాగున్నావని అడిగే దిక్కు లేదు. పెళ్ళయింది, కుదర్లేదు, విడిపోయింది. అది జరిగి ఏళ్ళయినా ఆదివారాలు మాత్రం ఆమెకు కొండ ఎక్కుతున్నట్టు భారంగా గడిచేవి.

అలాంటి ఒక ఆదివారం మంగతాయారు నన్ను పట్టుకుని మేడెక్కింది. కుసుమ ముందుగా భవిష్యత్తు చెప్పమంది. మళ్ళీ పెళ్ళవుతుందా లేదా చూడమంది.

“అది టేబులు దగ్గరకొచ్చే వాళ్ళకమ్మడూ. నీకెందుకు? నువ్వు రోజుకో ముక్క తీసుకో. ఏటవుద్ది అని అడక్కు. నేనివాళ ఎలాగున్నాను అని అడుగు. అద్దం చూసుకున్నట్టనమాట, అంతే.”

పద్ధతి మొత్తం కూర్చోబెట్టి నేర్పింది. పొద్దున్నే పళ్ళు తోముకుని, ఫోను ముట్టుకోకముందు కూర్చోవాలి. ఊపిరి నిదానంగా పీల్చి వదలాలి. ముక్కలు కలుపుతూ ప్రశ్నని మనసులో అనుకోవాలి. అవుననో కాదనో జవాబొచ్చే ప్రశ్న పనికిరాదు. వాడికి నేను నచ్చుతానా అనకూడదు, నేనివాళ ఏ మనసుతో ఉన్నాను అనాలి. చాలనిపించినప్పుడు కలపడం ఆపి, కట్టని ఎడమచేత్తో రెండుగా కోసి, పైముక్క ఒక్కటి తీయాలి. అర్థాల పుస్తకం వెంటనే తెరవకూడదు. ముందు బొమ్మని చూడాలి. కన్ను మొదట ఎక్కడ పడింది? చూస్తుంటే ఒంట్లో ఎక్కడ ఏమైంది? గొంతు పట్టేసిందా, పొట్టలో తిప్పిందా, భుజాలు వదులయ్యాయా? ఆ తర్వాత ఆ మనసుకి ఒక పేరు పెట్టాలి. ఒకే ఒక మాట. చివరగా, ఈ మనసున్న మనిషికి ఇవాళ ఏం చేసిపెడితే బాగుంటుందో అనుకుని, ముక్కని కట్టలో పెట్టేయాలి. నచ్చలేదని రెండో ముక్క తీయకూడదు. సంతోషం ముక్క చూసి ఏడుపొస్తే తప్పేం లేదు, అప్పుడు నీ మనసు ఏడుపే, బొమ్మ సంతోషం బొమ్మది అని మరీ మరీ చెప్పింది.

ఇంత చెప్పిన మనిషి ఒక్క మాట చెప్పడం మరిచిపోయింది. నాలో ఏడుపు ముక్కలు లేవని. కొన్నాళ్ళకి ఎస్కలేటర్ కింద ఫోను కవర్ల కొట్టు వచ్చింది, మంగతాయారు టేబులు ఎత్తేసి శ్రీకాకుళంలో తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోయింది. నన్ను కుసుమ దగ్గర వదిలేసింది.

కుసుమ రోజూ శ్రద్ధగా తీసేది. శ్రద్ధ అంటే మనుషుల శ్రద్ధ. మొదటివారం అన్నీ పాటించింది. రెండోవారం ఊపిరి పీల్చడం మానేసింది. తర్వాత కన్నెక్కడ పడిందో, ఒంట్లో ఏమైందో చూసుకోవడం మానేసి నేరుగా పుస్తకంలోకి దూకేది. పుస్తకంలో ఏముంటుంది? నాలో మిగిలినవన్నీ చాలావరకు నవ్వు మొహాలే. సూర్యుడొస్తే ఉత్సాహం, నక్షత్రమొస్తే ఆశ, మహారాణి వస్తే సమృద్ధి. గొంతులో ఏదో అడ్డం పడ్డ రోజున కూడా ఆమె పుస్తకం చూసి, ఓహో నేనివాళ ఉత్సాహంగా ఉన్నానన్నమాట అనుకుని, ఆ ఉత్సాహాన్ని చీరతో పాటు చుట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేది. అద్దం అబద్ధం చెప్పదంటారు. సగం పగిలిన అద్దం చెబుతుందండీ. నేను చెప్పాను. నాకు నోరుంటే అరిచేదాన్ని.

దాని ఫలితంగా ఒకటి జరిగింది కూడా. ఒక పెళ్ళిసంబంధాల యాప్‌లో పరిచయమైన ఒకాయన్ని కలవడానికి వెళ్ళి, సాయంత్రమంతా నవ్వుతూ కూర్చుని వచ్చిందట. ఆయన సినిమాలన్నా, క్రికెట్టన్నా, రాజకీయాలన్నా తల ఊపిందట. మీకు బాధలే లేనట్టున్నాయండీ, నాకు కొంచెం మామూలు మనిషి కావాలి అని మర్నాడు ఆయన మెసేజి పెట్టాడు. ఆ రోజు నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కలిపింది, ముక్క తీయలేదు.

అందుకే జోగారావు సంగతి వచ్చేసరికి ఆమెకి ప్రాణం మీదకొచ్చినట్టయింది. జోగారావు రైల్వేలో సిగ్నళ్ళ మరమ్మతు చూస్తాడు, భార్య పోయిన మనిషి. ఫోన్లో మాట్లాడుకున్నారు. నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడతాడు, మధ్యలో ఊరికే ఉండిపోతాడు. ఆ ఊరికే ఉండిపోవడం కుసుమకి నచ్చింది. ఆదివారం సాయంత్రం లాసన్స్‌బే దగ్గర, సముద్రం కనబడే ఒక టీ హోటల్లో కలుద్దామనుకున్నారు. ఈసారి కూడా నవ్వుతూ కూర్చుని వస్తే ఇక జన్మలో ఎవరినీ కలవనని ఆమె నా ముందే, గట్టిగా, గోడకి చెప్పింది. ఆమెకి కావలసింది మొగుడు కూడా కాదని నా అనుమానం. ఒక్క మనిషైనా తనని ఉన్నదున్నట్టు చూడాలి. అంతే.

ఆ ఆదివారం పొద్దున్నే ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. కలుపుతుంటే రెండుసార్లు ముక్కలు జారి కింద పడ్డాయి. కోసింది. పైముక్క తిప్పింది. కప్పుల పది.

నాలో అంతకు మించిన సంతోషం ముక్క లేదు. ఆకాశంలో ఇంద్రధనుస్సు, దాని మీద పది బంగారు కప్పులు. కింద భార్యాభర్తలు ఒకరి నడుం మీద ఒకరు చెయ్యేసి, రెండో చెయ్యి పైకెత్తి నిలబడతారు. పక్కన ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని గెంతుతుంటారు. దూరంగా చెట్ల మధ్య ఇల్లు. కుసుమ సంబరంతో కెవ్వుమంది. పుస్తకం కూడా అక్కర్లేకపోయింది. కుదిరిపోయిందనుకుంది. మనసు చూసుకోవడానికి తీసిన ముక్కని జాతకం చేసేసుకుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు. నేనివాళ ఎలాగున్నాను అన్న ప్రశ్న గాలికి పోయింది. ఆమె వేలి కింద నాడి దడదడ కొట్టుకుంటున్న సంగతి నాకు తెలిసింది గానీ ఆమెకి తెలియలేదు.

అక్కడితో ఊరుకుందా? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, కప్పుల పదిని పైన ఉంచి నన్ను మొత్తం గుడ్డసంచీలో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయలుదేరింది. ముక్కని కట్టలో పెట్టేయమన్న మాట కూడా పోయింది. ఆ లోపల లిప్‌స్టిక్కుకీ బస్సు టికెట్లకీ మధ్య ఇరుక్కుని నేను సముద్రం హోరు వింటూ పోయాను.

ఆమె ముందే చేరింది. జోగారావు రాలేదు. ఆటో దొరకలేదని, వస్తున్నానని మెసేజి పెట్టాడు. కుసుమ నవ్వు మొహం తగిలించుకుని కూర్చుంది. పక్క టేబుళ్ళ దగ్గర కుటుంబాలు, మొక్కజొన్న పొత్తుల పొగ, పిల్లల అల్లరి. కాసేపటికి ధైర్యం కోసం సంచీలోంచి పైముక్క తీసి, టేబులు కింద ఒళ్ళో పెట్టుకుని చూసింది.

చేసే పని లేదు, చదవడానికి పుస్తకం లేదు, కాబట్టి మొదటిసారి బొమ్మనే చూసింది. మంగతాయారు చెప్పినట్టు, ఎన్నాళ్ళకో. ఆమె కన్ను ఇంద్రధనుస్సు మీద పడలేదు. భార్యాభర్తల వీపుల మీద పడింది. ఆ బొమ్మలో వాళ్ళిద్దరూ మనకి వీపు పెట్టి నిలబడతారు. మొహాలు కనబడవు. పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు. ఇటువైపు తిరిగిన వాళ్ళు ఒక్కరూ లేరు. కుసుమ బొటనవేలు నా అంచు మీద ఆగిపోయింది. వాళ్ళంతా అటు ఉన్నారు, వాళ్ళ వెనక ఇటు నిలబడి చూస్తున్నది తను. గొంతు బిగిసింది. ఈసారి ఆమె దాన్ని మింగేయలేదు, చెయ్యి పెట్టి చూసుకుంది. పొద్దున పెట్టవలసిన పేరు అప్పుడు పెట్టింది. పెదాలతోనే అంది.

“ఒంటరితనం.”

కన్నీళ్ళు టపటపా నా మీద పడ్డాయి. నిగనిగల పూత ఉంది కాబట్టి సరిపోయింది. ఈ మనసున్న మనిషికి ఏం చేసిపెడితే బాగుంటుందని కూడా తనని తనే అడిగింది కాబోలు. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, పూసిన రంగు పోయినా పట్టించుకోకుండా, చెదిరిన మొహంతోనే కూర్చుంది.

జోగారావు వచ్చాడు. ఆలస్యమైనందుకు నొచ్చుకున్నాడు. టీలు చెప్పి, బాగున్నారా అని అడిగాడు. అది ఊరందరూ అడిగే మాటే, జవాబు కోసం ఎవరూ ఆగరు.

“బాగాలేనండి. మీరొస్తారని సంబరంగా ఉంది, అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది. పొద్దుట్నుంచీ సంతోషంగా ఉన్నాననుకున్నాను. కాదు. చాలా ఒంటరిగా ఉందండి నాకు. ఇప్పుడే తెలిసింది.”

అతను తడబడలేదు, ఓదార్చలేదు. ఊరికే ఉండిపోయాడు. ఆ తర్వాత ఆమె ఒళ్ళోంచి తీసి టేబులు మీద పెట్టిన ముక్క చూసి అదేమిటని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. జాతకమా అన్నాడు. కాదంది, మనం ఎలాగున్నామో మనల్ని మనం అడగడానికంది. అతను కొంచెం సిగ్గుపడుతూ, తను కూడా ఒకటి తీయొచ్చా అని అడిగాడు. కప్పుల పదిని లోపల కలిపేసి నన్నంతా అతని చేతికిచ్చింది.

అతని చేతులు మొరటువి, కానీ నెమ్మది. వైర్లు సర్దేవాడి చేతులు. ఆమె చెప్పినట్టే ఊపిరి పీల్చుకుని, కలిపి, ఎడమచేత్తో కోసి, ఒక్కటి తీశాడు. కప్పుల నాలుగు. చెట్టు కింద ఒక కుర్రాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ముందు మూడు కప్పులుంటాయి. పక్కన మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగో కప్పు అందిస్తుంటుంది. వాడు దానివైపు చూడడు.

కన్నెక్కడ పడిందని కుసుమ అడిగింది. చేతుల మీద అన్నాడు. ఏ చేతులంటే, కట్టుకున్న చేతులు. అప్పుడు వంచిన తల ఎత్తకుండా, తను ఎందుకొచ్చాడో చెప్పాడు. చెల్లెలు పోరు పెట్టిందట. ఎన్నాళ్ళిలా అని ఏడ్చిందట. ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉండేదట, ఫోను పెట్టేయగానే పెళ్ళాంతో ఆ కబుర్లు చెప్పబోయి ఆగిపోయేవాడట.

“ఈ కప్పు అందిస్తున్న చెయ్యి మీదేనండి. మంచి చెయ్యి. నాకు కనబడుతోంది కూడా. నా చేతులే విడట్లేదు. మీకు అబద్ధం చెప్పి ఇంకో నాలుగు ఆదివారాలు టీ తాగొచ్చు. మీరు నిజం చెప్పాక అది చెయ్యలేకపోతున్నాను.”

కుసుమకి ఎంత నొప్పి పుట్టిందో నాకు తెలుసు, అప్పటికి నేను మళ్ళీ ఆమె చేతిలోకి వచ్చాను. వేళ్ళు నన్ను నలిపేసినంత పని చేశాయి. కానీ ఆమె నవ్వు తగిలించుకోలేదు. ఏడుస్తూనే, మీరు చెప్పింది బాధగా ఉందండి, కానీ చెప్పినందుకు మనసుకి చల్లగా కూడా ఉంది అంది. అతని కళ్ళూ తడిశాయి. టీలు మీగడ కట్టేదాకా ఇద్దరూ అతని భార్య గురించీ, కుసుమ కుదరని పెళ్ళి గురించీ మాట్లాడుకున్నారు. నా అనుభవంలో ఇద్దరు మనుషులు అంత నిజంగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. అలా మాట్లాడుకున్న వాళ్ళు ఆ తర్వాత చెరో ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. మనుషుల లెక్కలు నాకు అంతుపట్టవు.

మర్నాడు పొద్దున్న కుసుమ పళ్ళు తోముకుని కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఊపిరి నిదానంగా పీల్చి వదిలింది. నన్ను కలిపింది, కోసింది, పైముక్క తీసి బోర్లా పెట్టింది. నేనివాళ ఎలాగున్నాను అని పైకే అడిగింది. ముక్క తిప్పడానికి చెయ్యి చాపి, మధ్యలో ఆపేసింది.

“బెంగగా ఉంది,” అంది, తనకి తనే.

అని, ఆ ముక్కని తిప్పకుండానే కట్టలో పెట్టేసింది. తర్వాత ఫోను తీసి శ్రీకాకుళానికి చేసింది. ఆంటీ, పనేం లేదండి, ఏడుపొస్తోంది, కాసేపు ఫోను పెట్టకండి అంది. అవతల మంగతాయారు గట్టినోరు మెత్తబడిపోయి, ఏడువమ్మా, నాకేటీ తొందర్లేదు అనడం నాకు వినబడింది. కుసుమ ఏడ్చింది. ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్ళింది.

ఇప్పుడు నేను అలమారులో, దుప్పట్ల పక్కన ఉంటాను. కుసుమ పొద్దున్నే ఇంకా కూర్చుంటుంది, ఊపిరి పీలుస్తుంది, తనని తనే అడుగుతుంది, జవాబు చెప్పుకుంటుంది. నేను లేకుండానే. కొన్ని పొద్దులు బెంగంటుంది, కొన్ని పొద్దులు ఏం లేదు బాగానే ఉందంటుంది. నా పని నేను చేసేశాననుకోవాలి. జోగారావు నుంచి ఫోను వచ్చిందా అంటే, అలమారు తలుపు మూసి ఉంటుంది, నాకు అన్నీ వినబడవు.

తిప్పకుండా పెట్టేసిన ఆ ముక్క ఏమిటో నాకు మాత్రమే తెలుసు. చెబుదామంటే అడిగేవాళ్ళు లేరు. నువ్వెలాగున్నావని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.